సింగిల్ ఫేజ్ కరెంటుపై త్రీ ఫేజ్ మోటారు: కెపాసిటర్ల అమరిక, శక్తి, టార్క్ నష్టం

మూడు ఫేజుల కరెంటు కోసం తయారైన ఇండక్షన్ మోటారును ఒకే ఫేజు అందుబాటులో ఉన్న చోట కెపాసిటర్ల సాయంతో నడపవచ్చు. మోటారు మూడు కొసల్లో రెండింటిని నేరుగా సరఫరాకు కలుపుతారు. మూడో కొసను కెపాసిటర్ గుండా ఆ రెండింటిలో ఒకదానికి కలుపుతారు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన విద్యుత్ ఇంజనీరు చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్ (1865–1923) పేరు మీద దీన్ని స్టైన్‌మెట్జ్ కలుపు అంటారు. వ్యవహారంలో కెపాసిటర్‌ను కండెన్సర్ అని కూడా పిలుస్తారు.

ఇలా నడిపిన మోటారు తన పేరుపలక మీద రాసిన శక్తిని ఇవ్వదు. సరిగ్గా అమర్చినప్పుడు దాదాపు 70 శాతం, కొన్ని మోటార్లలో 80 శాతం వరకు నిలకడగా తీసుకోవచ్చు. మొదలయ్యే టార్క్ అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. ఈ నష్టానికి మూలం ఒక్కటే: కెపాసిటర్ సృష్టించే మూడో ఫేజు ఏదో ఒక్క లోడు దగ్గరే సరిగ్గా కుదురుతుంది. లోడు మారితే కుదురు తప్పుతుంది.

తెలంగాణ పల్లెల్లో నేపథ్యం

డోర్నకల్ ఒకప్పటి వరంగల్ జిల్లాలోని రైల్వే జంక్షన్. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి విద్యుత్ పంపిణీ వరంగల్ కేంద్రంగా పనిచేసే ఉత్తర మండల సంస్థది. బావులు, బోర్ల మీద ఆధారపడిన ఇలాంటి మెట్ట ప్రాంతాల్లో వ్యవసాయ మోటార్లు ఎక్కువగా 3 నుంచి 7.5 హెచ్.పీ. వరకు ఉండే త్రీ ఫేజ్ రకం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లకు త్రీ ఫేజ్ కరెంటును రోజులో కొన్ని గంటలే ఇచ్చేవారు. మిగతా వేళల్లో ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు ఆగకుండా, మోటార్లు మాత్రం తిరగకుండా సబ్‌స్టేషన్ దగ్గర ఫీడరును సింగిల్ ఫేజుకు మార్చేవారు. ఊళ్లలో దీన్ని టూ ఫేజ్ కరెంటు అనేవారు. ఎండుతున్న పైరును కాపాడుకోవడానికి రైతులు ఆ వేళల్లోనూ కండెన్సర్లు పెట్టి మోటార్లు నడిపారు. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక కూడా గంటల పరిమితి ఉండటంతో ఈ అవసరం తీరలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రకటించారు. ఆ తర్వాత ఈ కలుపు ప్రధానంగా త్రీ ఫేజ్ కనెక్షన్ లేని ఇళ్లకు, చిన్న గిర్నీలకు, వర్క్‌షాపులకు సంబంధించిన విషయంగా మిగిలింది.

ఇక్కడ రెండు రకాల కెపాసిటర్లను వేరుగా చూడాలి. ఉచిత విద్యుత్తుకు అర్హత కోసం రైతులు పెట్టుకోవాలని ప్రభుత్వం చెప్పిన కెపాసిటర్ మూడు ఫేజుల మధ్య సమాంతరంగా ఉంటుంది. అది పవర్ ఫ్యాక్టర్‌ను మెరుగుపరిచి లైను మీద కరెంటును తగ్గిస్తుంది. దానివల్ల మోటారుకు హాని లేదు. ఈ వ్యాసం చెప్పేది మూడో ఫేజును సృష్టించే కెపాసిటర్ గురించి.

పనిచేసే తీరు

త్రీ ఫేజ్ కరెంటు స్టేటర్‌లో ఒకే బలంతో ఒకే దిక్కుగా తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. రోటరు దాని వెంట పరుగెడుతుంది. సింగిల్ ఫేజు పుట్టించే క్షేత్రం తిరగదు, ఉన్నచోటే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అలాంటి క్షేత్రాన్ని ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండు సమాన క్షేత్రాల మొత్తంగా లెక్కించవచ్చు. ఆగి ఉన్న రోటరును రెండూ చెరోవైపు లాగుతాయి కనుక అది కదలక గుర్రుమంటుంది. చేత్తో ఒకవైపు తిప్పితే ఆ వైపే పరుగందుకుంటుంది.

కెపాసిటర్ గుండా వచ్చే కరెంటు వోల్టేజి కంటే ముందుంటుంది. ఈ తేడావల్ల మూడో కొసకు వేరే సమయంలో శిఖరానికి చేరే కరెంటు అందుతుంది. అప్పుడు ముందుకు తిరిగే క్షేత్రం బలపడి, వెనక్కి తిరిగేది బలహీనపడుతుంది. వెనక్కి తిరిగేది పూర్తిగా మాయమైతే మోటారుకు అసలైన త్రీ ఫేజ్ అందినట్టే. కెపాసిటర్ కొసను ఒక లైను నుంచి రెండో లైనుకు మారిస్తే మోటారు తిరిగే దిక్కు మారుతుంది.

ఒకే కెపాసిటర్‌తో పూర్తి సమతౌల్యం రావడానికి రెండు షరతులు కలిసి నెరవేరాలి. మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.5 ఉండాలి. ఆ లోడు దగ్గర మోటారు లాగే లైను కరెంటుకు సమానమైన కరెంటు కెపాసిటర్ గుండా పోవాలి. చిన్న మోటార్లలో పవర్ ఫ్యాక్టర్ 0.5 ఉండేది సుమారు మూడో వంతు లోడు దగ్గర. నిండు లోడులో అది 0.8 దాకా పెరుగుతుంది. అందుకని నిండు లోడులో ఏ విలువ కెపాసిటర్ పెట్టినా ఎదురు క్షేత్రం కొంత మిగిలే ఉంటుంది.

వైండింగు కలుపు: స్టార్ నుంచి డెల్టాకు

కెపాసిటర్ లెక్కకు ముందు వోల్టేజి చూసుకోవాలి. మన దగ్గర సుమారు 2 హెచ్.పీ. వరకు ఉండే చిన్న త్రీ ఫేజ్ మోటార్లు సాధారణంగా 415 వోల్టులకు స్టార్ కలుపులో వస్తాయి. స్టార్‌లో ఒక్కో వైండింగుకు అందేది 240 వోల్టులు. అదే మోటారును డెల్టాకు మారిస్తే ఇంటి 240 వోల్టులు ప్రతి వైండింగుకూ సరిగ్గా సరిపోతాయి. టెర్మినల్ పెట్టెలో ఆరు కొసలు బయటికి ఉంటే పట్టీలు మార్చడమే పని. మూడే కొసలు ఉంటే స్టార్ ముడి వైండింగు లోపలే ఉంటుంది. దాన్ని విప్పి కొసలు బయటికి తీయడం వైండింగు మేస్త్రీ చేయాల్సిన పని.

ఈ మార్పు చేయకుండా స్టార్ మోటారుకే 240 వోల్టులు ఇస్తే ఒక్కో వైండింగుకు దాదాపు 139 వోల్టులే వస్తాయి. టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక మూడో వంతే మిగులుతుంది. దాని మీద కెపాసిటర్ వల్ల వచ్చే నష్టం అదనం. కండెన్సర్ పెట్టినా మోటారు బలం లేకుండా తిరుగుతోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

సుమారు 5 హెచ్.పీ., అంతకు పైబడిన మోటార్లు సాధారణంగా 415 వోల్టులకే డెల్టాలో ఉంటాయి. వాటిని ఇంటి 240 వోల్టులకు సరిపెట్టే కలుపు లేదు.

2 హెచ్.పీ. మోటారుకు లెక్క

ఉదాహరణకు 2 హెచ్.పీ., అంటే 1.5 కిలోవాట్ల మోటారును తీసుకుందాం. 415 వోల్టుల స్టార్‌లో దాని నిండు లోడు కరెంటు సుమారు 3.35 ఆంపియర్లు. 240 వోల్టుల డెల్టాలో అది 5.8 ఆంపియర్లు అవుతుంది. కెపాసిటర్ విలువకు సూత్రం ఇది:

```
C = I / (2 × π × f × V)
```

ఇందులో C ఫారడ్లలో కెపాసిటర్ విలువ, I ఆంపియర్లలో లైను కరెంటు, f హెర్ట్జ్‌లలో పౌనఃపున్యం, V వోల్టేజి. మన సరఫరా 50 హెర్ట్జ్ కనుక 2 × π × f విలువ 314.

మూడో వంతు లోడులో ఈ మోటారు దాదాపు 3.8 ఆంపియర్లు లాగుతుంది. 3.8ని 314తోనూ 240తోనూ భాగిస్తే 50 మైక్రోఫారడ్లు వస్తాయి. నిండు లోడు కరెంటుతో లెక్కిస్తే 77 వస్తాయి. 230 వోల్టుల సరఫరాలో కిలోవాటుకు 70 మైక్రోఫారడ్లు అనే స్థూల నియమం ఒకటి వాడుకలో ఉంది. దాని ప్రకారం 105 కావాలి. ఈ మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కటి ఒక్కో లోడుకు తగినది. మోటారు నుంచి దాదాపు 1 కిలోవాటు తీసుకోవాలనుకుంటే 72తో మొదలుపెట్టి, అసలు లోడు మీద కొలిచి సవరించుకోవడం మంచిది. సింగిల్ ఫేజ్ బోరు మోటార్ల స్టార్టర్లలో వాడే 36, 50, 72 ఎమ్‌ఎఫ్‌డీ రన్నింగ్ కెపాసిటర్లు దీనికి పనికొస్తాయి.

కెపాసిటర్ మీద 440 వోల్టుల ఏసీ రేటింగు ఉండాలి. సరఫరా 240 అయినా, లోడు తక్కువైనప్పుడు మూడో కొస దగ్గర వోల్టేజి సరఫరాను మించిపోతుంది. తక్కువ రేటింగు డబ్బా కొద్ది రోజుల్లోనే ఉబ్బిపోతుంది. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలుస్తుంది కాబట్టి దాని కొసల మధ్య డిశ్చార్జి రెసిస్టరు తప్పనిసరి.

మొదలయ్యే టార్క్

త్రీ ఫేజ్ మీద నేరుగా స్టార్ట్ చేసినప్పుడు ఇలాంటి చిన్న మోటారు తన నిండు లోడు టార్క్‌కు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఇస్తుంది. రన్నింగ్ కెపాసిటర్ ఒక్కటే ఉంటే అది నిండు లోడు టార్క్‌లో పావు నుంచి సగం లోపే ఉంటుంది. కారణం కరెంటులో ఉంది. ఆగి ఉన్న మోటారు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. 72 మైక్రోఫారడ్ల గుండా 240 వోల్టులకు పోగలిగేది 5.4 ఆంపియర్లే. అందుకని మూడో వైండింగు ఆకలితో ఉండి, క్షేత్రం దాదాపు సింగిల్ ఫేజులాగే మిగులుతుంది.

దీనికి మందు స్టార్టింగ్ కెపాసిటర్. రన్నింగ్ విలువకు రెండు రెట్లు ఉండే 150 ఎమ్‌ఎఫ్‌డీ ప్రాంతపు కెపాసిటర్‌ను సమాంతరంగా కలిపితే మొదలయ్యే టార్క్ నిండు లోడు టార్క్ దరిదాపులకు వస్తుంది. మోటారు వేగం అందుకోగానే, రెండు మూడు సెకన్లలో, ఇది తెగిపోవాలి. స్టార్టర్‌లో నొక్కి పట్టుకునే బటన్ గానీ రిలే గానీ ఆ పని చేస్తుంది. స్టార్టింగ్ కెపాసిటర్లు కొద్ది సెకన్ల వాడకానికే తయారవుతాయి. రిలే అతుక్కుపోతే కెపాసిటర్ పేలుతుంది, మూడో వైండింగు కాలుతుంది.

యంత్రాన్ని బట్టి ఈ నష్టం ప్రభావం మారుతుంది. నీళ్ల సెంట్రిఫ్యూగల్ పంపు ఆగి ఉన్నప్పుడు చాలా తక్కువ టార్క్ అడుగుతుంది కనుక ఇబ్బంది లేకుండా మొదలవుతుంది. పిండి గిర్నీ, కారం మిల్లు తొట్టి ఖాళీగా ఉంటేనే మొదలవుతాయి. ట్యాంకులో గాలి నిండి ఉన్న కంప్రెసరు, పిస్టను పంపు మొరాయిస్తాయి.

నడుస్తున్నప్పుడు పోయే శక్తి

మిగిలిపోయిన ఎదురు క్షేత్రం రెండు విధాల నష్టం చేస్తుంది. ముందుకు లాగే టార్క్ నుంచి కొంత తీసేస్తుంది. దానికంటే పెద్ద నష్టం వేడి. ముందుకు పరుగెడుతున్న రోటరుకు ఆ ఎదురు క్షేత్రం దాదాపు రెట్టింపు వేగంతో ఎదురొస్తుంది. రోటరు కడ్డీల్లో 100 హెర్ట్జ్‌కు దగ్గరగా కరెంటు పుడుతుంది. ఆ క్షేత్రానికి మోటారు చూపే అడ్డు చాలా తక్కువ. అందుకే వోల్టేజిలో ఒక శాతం అసమతౌల్యం ఉంటే కరెంటులో ఆరు నుంచి పది శాతం దాకా అసమతౌల్యం వస్తుంది.

అమెరికా మోటారు ప్రమాణాల ప్రకారం 5 శాతం వోల్టేజి అసమతౌల్యం ఉంటే మోటారును సుమారు 75 శాతం శక్తికి పరిమితం చేయాలి. అంతకు మించిన అసమతౌల్యంలో నడపవద్దని ఆ ప్రమాణాలు చెబుతాయి. కెపాసిటర్ కలుపులో ఆ మాత్రం తేడా సులభంగా వస్తుంది. అన్నిటికంటే వేడెక్కిన వైండింగే మోటారు ఎంత మోయగలదో తేలుస్తుంది కనుక, మిగతా రెండు వైండింగులు చల్లగా ఉన్నా లాభం లేదు.

మన 2 హెచ్.పీ. మోటారుకు 70 శాతం లెక్కన దక్కేది 1.05 కిలోవాట్లు, అంటే 1.4 హెచ్.పీ. సామర్థ్యం 68 శాతానికి పడిపోయిందనుకుంటే మోటారు లాగేది 1.54 కిలోవాట్లు. కెపాసిటర్ వల్ల పవర్ ఫ్యాక్టర్ 0.9 దాటుతుంది కాబట్టి లైను మీద కరెంటు సుమారు 7 ఆంపియర్లు. మోటారు గరిష్ఠంగా లాగగల టార్క్ కూడా తగ్గుతుంది. గిర్నీలో గింజ కాస్త ఎక్కువ పడినా, వోల్టేజి కాస్త తగ్గినా వేగం కూలిపోయి మోటారు ఆగిపోతుంది.

బెల్టుతో నడిచే పంపుకు ఒక మంచి సవరణ ఉంది. పంపు అడిగే శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. మోటారు పుల్లీ వ్యాసాన్ని పదోవంతు తగ్గిస్తే పంపు వేగం 90 శాతం అవుతుంది. శక్తి 73 శాతానికి దిగి, 1.5 కిలోవాట్ల లోడు 1.09 అవుతుంది. నీటి ధార పదోవంతు తగ్గుతుంది. ఎత్తే సామర్థ్యం 19 శాతం తగ్గుతుంది, అంటే 20 మీటర్లు ఎత్తే పంపు 16 మీటర్ల దగ్గర ఆగుతుంది. బావి లోతు దానికి లోబడి ఉంటేనే ఈ ఉపాయం పనికొస్తుంది. మోనోబ్లాక్‌లో పుల్లీ ఉండదు కనుక డెలివరీ గేట్ వాల్వును కొంత మూసి లోడు తగ్గించాలి.

టూ ఫేజ్ వేళల్లో 5 హెచ్.పీ. మోటారు

పల్లెల్లో మోటార్లు కాలిపోవడానికి ఈ లెక్కకు తోడు వోల్టేజి లోపం కూడా కారణం. పంపిణీ ట్రాన్స్‌ఫార్మరుకు 11 కేవీ వైపు డెల్టా, ఎల్‌టీ వైపు స్టార్ ఉంటాయి. 11 కేవీ మీద ఒక ఫేజు తెగితే, ఎల్‌టీ మీద ఒక ఫేజులో 240 వోల్టులు, మిగతా రెండింటిలో సుమారు 120 చొప్పున వస్తాయి. ఆ సగం ఫేజులు రెండూ ఒకే దశలో ఉంటాయి కనుక వాటి మధ్య వోల్టేజి సున్నా. నిండు ఫేజుకూ సగం ఫేజుకూ మధ్య 360 వోల్టులు. ఇది కూడా సగం ఫేజుల మీద లోడు సమానంగా ఉన్నప్పుడే. తేడా ఉంటే ఒకదాని వోల్టేజి ఇంకా పడిపోతుంది, రెండోది పెరుగుతుంది. అప్పుడే ఇళ్లలో కొన్ని బల్బులు మసకబారి, కొన్ని మాడిపోతాయి.

415 వోల్టుల మోటారుకు 360 ఇస్తే మొదలయ్యే టార్క్ ముప్పావుకు పడుతుంది. దాని మీద కెపాసిటర్ తగ్గింపు అదనం. వేడి మించకుండా తీసుకోగల శక్తి 0.87 × 0.7, అంటే దాదాపు 60 శాతం. 5 హెచ్.పీ. మోటారు 3 హెచ్.పీ. అయిపోతుంది. ఆ 3 హెచ్.పీ. కోసమే లైను మీద సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. త్రీ ఫేజ్ మీద 5 హెచ్.పీ. మొత్తం పనికి 7.5 చాలు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఒక్కో ఎల్‌టీ ఫేజుకు మోయగలిగేది 33 ఆంపియర్లు. ఇలాంటి మోటార్లు మూడు చేరితే ఆ ఫేజు నిండిపోతుంది. అప్పుడు వోల్టేజి మరింత పడి మోటారూ ట్రాన్స్‌ఫార్మరూ రెండూ ప్రమాదంలో పడతాయి.

పైగా ఈ పద్ధతిలో నడపాలంటే స్టార్టర్‌లోని సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను తప్పించాలి. ఫేజు పోయినప్పుడు మోటారును కాపాడే రక్షణ అదే. త్రీ ఫేజ్ తిరిగి వచ్చాక దాన్ని మళ్లీ కలపడం మరిచిపోతే తర్వాతి ఫేజు లోపానికి వైండింగు బలవుతుంది.

తేడా గుర్తించడం, కొలవడం

అమరిక సరిగ్గా ఉందో లేదో తేల్చేది టాంగ్ టెస్టర్. అసలు లోడు మీద మోటారు మూడు కొసల కరెంటునూ, కొసల మధ్య మూడు వోల్టేజీలనూ కొలవాలి. కెపాసిటర్ విలువను 5, 10 మైక్రోఫారడ్ల చొప్పున మారుస్తూ మూడు వోల్టేజీలు వీలైనంత దగ్గరగా వచ్చిన చోట ఆపాలి. ఏ కొసలోనూ కరెంటు రేటెడ్ విలువను మించకూడదు. మన ఉదాహరణలో ఆ హద్దు 5.8 ఆంపియర్లు.

కెపాసిటర్ వైపు వోల్టేజి సరఫరా కంటే బాగా ఎక్కువ చూపిస్తే విలువ పెద్దదైనట్టు. అలాంటి మోటారు ఖాళీగా తిరుగుతున్నప్పుడే ఎక్కువ వేడెక్కుతుంది, గుర్రుమంటుంది. నిండు లోడుకు సరిపెట్టిన మోటారును చాలాసేపు ఖాళీగా వదిలేయకూడదు. ఆ వోల్టేజి తక్కువగా ఉండి, లోడు పడగానే వేగం తగ్గితే విలువ చాలలేదు, లేదా లోడే మించింది. కొంతకాలం బాగా నడిచిన మోటారు మెల్లగా బలహీనపడితే ముందు కెపాసిటర్‌ను పరీక్షించాలి. రన్నింగ్ కెపాసిటర్ల విలువ వేడికి క్రమంగా తగ్గిపోతుంది.

కాలిపోయిన మోటారును విప్పినప్పుడు ఒకటో రెండో ఫేజుల చుట్లు నల్లబడి, మిగతావి శుభ్రంగా ఉంటే కారణం ఫేజుల అసమతౌల్యం. మూడూ సమంగా మాడితే ఓవర్‌లోడు, తక్కువ వోల్టేజి, గాలి ఆడకపోవడం వంటి ఇతర కారణాలు వెతకాలి.

ఇతర మార్గాలు

240 వోల్టుల సింగిల్ ఫేజు తీసుకుని 240 వోల్టుల త్రీ ఫేజు ఇచ్చే వీఎఫ్‌డీ డ్రైవు నేటికి మెరుగైన మార్గం. సుమారు 3 హెచ్.పీ. వరకు ఇవి సులభంగా దొరుకుతాయి. మోటారును డెల్టాకు మార్చాలి. అప్పుడు మూడు ఫేజులూ సమంగా అంది దాదాపు పూర్తి శక్తి, మంచి స్టార్టింగ్ టార్క్ వస్తాయి. వేగం తగ్గించుకునే వీలూ ఉంటుంది. రోటరీ కన్వర్టరు మరో మార్గం. ఖాళీగా తిరిగే పెద్ద త్రీ ఫేజ్ మోటారును కెపాసిటర్లతో నడిపి, దాని మూడో కొస నుంచి పనిచేసే మోటారుకు ఫేజు తీసుకుంటారు. ఒకే షెడ్డులో ఎక్కువ యంత్రాలుంటే ఇది కుదురుతుంది. ఎప్పుడూ ఒకే పని, ఒకే చోట ఉంటే సింగిల్ ఫేజ్ మోటారు కొనడమే సరళం.

కెపాసిటర్ కలుపుకు తగిన చోటు పరిమితం: 2 హెచ్.పీ. లోపు మోటారు, మారని లోడు, తేలిగ్గా మొదలయ్యే యంత్రం. దీన్ని వాడేవారు అవసరమైన పనికి ఒకటిన్నర రెట్లు పెద్ద మోటారు ఎంచుకోవాలి, డెల్టా కలుపు సరిచూసుకోవాలి, ఓవర్‌లోడ్ రిలేను తీసేయకుండా తగ్గించిన కరెంటుకు సరిచేయాలి. వ్యవసాయ మోటార్లకు, 3 హెచ్.పీ. పైబడిన యంత్రాలకు ఇది తగదు. వాటికి త్రీ ఫేజ్ కనెక్షనే తీసుకోవాలి.